రాజీనామా చేశాక ఫుల్ అండ్ ఫైనల్ డబ్బు రాకపోతే ఏం రాయాలి, ఎప్పుడు రాయాలి?

ఉద్యోగం మానేసిన నెల తర్వాత హెచ్‌ఆర్‌కి ఫోన్ చేస్తే వచ్చే జవాబు ఎక్కడైనా ఒకటే: "ప్రాసెస్‌లో ఉందండీ." నేను కొన్నేళ్లు పేరోల్‌లో పనిచేశాను కాబట్టి ఆ మాట వెనక ఏముంటుందో తెలుసు. చాలాసార్లు కంపెనీ డబ్బు ఎగ్గొట్టాలని చూడదు. ల్యాప్‌టాప్ అందిందని ఐటీ వాళ్లు సిస్టమ్‌లో టిక్ పెట్టరు. అది పడేదాకా అకౌంట్స్ వాళ్లు ఫైలు తెరవరు. ఆ టిక్ గురించి అడిగే మనిషి ఆఫీసులో ఎవరూ ఉండరు, ఎందుకంటే మీరు వెళ్లిపోయారు.

కాబట్టి "నా డబ్బు ఎప్పుడిస్తారు?" అని అడిగితే పని కాదు. ఏ పద్దు కింద ఎంత, ఏ తేదీలోగా, ఏ క్లియరెన్స్ ఆగింది అని రాసి అడగాలి. అలా అడిగిన మెయిల్‌కి "ప్రాసెస్‌లో ఉంది" అని జవాబివ్వడం కష్టం.

ముందు కాగితాలు, ఆఖరి రోజుకు ముందే

ఆఫీసు మెయిల్ ఆఖరి రోజు సాయంత్రమే ఆగిపోతుంది. ఆలోపే అపాయింట్‌మెంట్ లెటర్, చివరి మూడు నెలల పేస్లిప్పులు, సెలవుల బ్యాలెన్స్ కనిపించే స్క్రీన్‌షాట్, రాజీనామా ఆమోదించిన మెయిల్, అప్రూవ్ అయిన ఖర్చుల బిల్లులు మీ దగ్గర పెట్టుకోండి. కంపెనీ రహస్య ఫైళ్ల జోలికి మాత్రం పోవద్దు, మీకు సంబంధించినవి చాలు. ల్యాప్‌టాప్, ఛార్జర్, ఐడీ కార్డు ఇచ్చేటప్పుడు ఒక్కో వస్తువు పేరు రాసి సంతకం తీసుకోండి. "అన్నీ ఇచ్చేశాను" అన్న ఒక్క ముక్క సరిపోదు. ఛార్జర్ అందలేదని తర్వాత కోత పెట్టడం నేను చాలాసార్లు చూశాను.

లెక్క మీరే వేసుకోండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేసే ఒకావిడ 2019 జూన్ 3న చేరారు. నెలకు మొత్తం జీతం 48,000, అందులో బేసిక్ 24,000. నోటీసు పీరియడ్ 60 రోజులు. 2025 డిసెంబర్ 9న రాజీనామా ఇచ్చి, 45 రోజులు పనిచేసి, 2026 జనవరి 23 శుక్రవారం రిలీవ్ అయ్యారు. ఆ తేదీకి మేనేజర్ మెయిల్‌లో ఒప్పుకున్నారు.

జనవరిలో 23 రోజుల జీతం: 48,000ని 31తో భాగించి 23తో గుణిస్తే 35,613. కొన్ని కంపెనీలు ఏ నెలైనా 30తోనే భాగిస్తాయి, అప్పుడు 36,800 అవుతుంది. మీ పాత పేస్లిప్పుల్లో జీతం కోసిన నెల ఏదైనా ఉంటే కంపెనీ ఏ లెక్క వాడుతుందో అక్కడే తెలిసిపోతుంది.

మిగిలిన సెలవులు 14. ఈ కంపెనీ పాలసీ ప్రకారం బేసిక్‌ని 30తో భాగిస్తారు కాబట్టి రోజుకు 800, మొత్తం 11,200. డిసెంబర్‌లో అప్రూవ్ అయిన ప్రయాణ ఖర్చులు 3,460.

ఇక గ్రాట్యుటీ. చాలామంది మర్చిపోయేది ఇదే, పెద్ద మొత్తమూ ఇదే. ఐదేళ్లు దాటితే హక్కు వస్తుంది. ఫిక్స్‌డ్ టర్మ్ ఒప్పందం మీద ఉన్నవాళ్లకు కొత్త సామాజిక భద్రతా కోడ్ ప్రకారం ఒక ఏడాదికే వస్తుంది. ఆమె సర్వీసు ఆరేళ్ల ఏడు నెలల పైచిలుకు. ఆఖరి ముక్క ఆరు నెలలు దాటింది కాబట్టి దాన్ని పూర్తి ఏడాదిగా తీసుకుని ఏడేళ్లు అని లెక్కిస్తారు. 24,000ని 15తో గుణించి, 26తో భాగించి, 7తో గుణిస్తే 96,923. కొన్ని ఆఫర్ లెటర్లలో గ్రాట్యుటీని సీటీసీలో కలిపి చూపిస్తారు. నెలనెలా జీతంలో ఇచ్చేశామని దానర్థం కాదు.

అన్నీ కలిపితే 1,47,196.

ఇప్పుడు కోతలు. పీఎఫ్, ప్రొఫెషనల్ టాక్స్, టీడీఎస్ మామూలే. అసలు చూడాల్సింది నోటీసు రికవరీ. 15 రోజులు తక్కువ పనిచేశారు, దానికి కోత న్యాయమే. కానీ దేని మీద? ఆమె అపాయింట్‌మెంట్ లెటర్‌లో "బేసిక్ జీతం" అని ఉంది. అంటే రోజుకు 800 చొప్పున 12,000. తర్వాత కంపెనీ పంపిన సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్‌లో మాత్రం మొత్తం జీతం మీద 24,000 కోశారు. దాని కిందే ఛార్జర్ పేరుతో మరో 2,500. ఆ స్టేట్‌మెంట్‌లో గ్రాట్యుటీ లైనే లేదు. తేడా అంతా ఈ మూడు చోట్లే.

ఆమె లెక్క ప్రకారం పన్నులు, పీఎఫ్ పోకముందు రావాల్సింది 1,35,196.

పీఎఫ్ నిల్వను ఈ లెక్కలో కలపకండి. అది ఈపీఎఫ్‌ఓ దగ్గర ఉంటుంది, కంపెనీ చేయాల్సింది రికార్డులో మీ ఎగ్జిట్ తేదీ వేయడం ఒక్కటే. వాళ్లు వేయకపోతే, చివరి కంట్రిబ్యూషన్ తర్వాత రెండు నెలలు ఆగి మీ యూఏఎన్ లాగిన్ నుంచి మీరే వేసుకోవచ్చు.

గడువు ఎంత పెట్టాలి?

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినవాళ్లకు రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. మేనేజర్ స్థాయి ఉద్యోగులు కూడా ఆ కోడ్ కిందికి వస్తారు. కంపెనీ పాలసీలో "45 రోజులు" అని ఉన్నా జీతం విషయంలో చట్టమే ముందు. గ్రాట్యుటీకి 30 రోజులు, ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలి.

మన ఉదాహరణలో 24, 25 శని, ఆదివారాలు. 26 రిపబ్లిక్ డే. రెండు పనిదినాలు అంటే 27, 28. గ్రాట్యుటీకి ఫిబ్రవరి 22. ఈ రెండు తేదీలూ క్యాలెండర్ మీద రాసుకోండి. రెండింటినీ కలిపి ఒకే గడువు పెడితే "ఇంకా టైముంది కదా" అనే జవాబు వస్తుంది, గ్రాట్యుటీ వరకు అది నిజం కూడా.

జనవరి 29న మొదటి మెయిల్ వెళ్లాలి. చట్టం గడువు దాటిపోయినా మొదటిసారి ఒక వారం ఇవ్వమనే నా సలహా. లేబర్ ఆఫీసులో ఎవరైనా మీ మెయిళ్లు చదివితే, మీరు ఓపిగ్గా అడిగారని కనపడాలి.

మొదటి మెయిల్

సొంత మెయిల్ నుంచి, హెచ్‌ఆర్‌కి రాసి, పాత మేనేజర్‌నీ అకౌంట్స్ వాళ్లనీ కాపీలో పెట్టండి. ఆఫీసు ఇంగ్లీషులో రాసుకోవచ్చు, విషయం మాత్రం ఇలా ఉండాలి:

> "నమస్కారం. నా ఎంప్లాయీ నంబర్ ఫలానా. 2026 జనవరి 23న రిలీవ్ అయ్యాను. నా లెక్క ప్రకారం రావాల్సినవి: జనవరి 23 రోజుల జీతం 35,613, 14 సెలవులకు 11,200, అప్రూవ్ అయిన ఖర్చులు 3,460, గ్రాట్యుటీ 96,923. నోటీసు రికవరీ అపాయింట్‌మెంట్ లెటర్ ప్రకారం బేసిక్ మీద 15 రోజులకు 12,000. మీ లెక్క వేరేగా ఉంటే ఏ పద్దులో తేడానో, ఏ పాలసీ ప్రకారమో చెప్పగలరు.
>
> జీతం చెల్లింపు గడువు జనవరి 28తో ముగిసింది. స్టేట్‌మెంట్ ఫిబ్రవరి 3లోగా పంపి, గ్రాట్యుటీ కాక మిగిలిన మొత్తాన్ని ఫిబ్రవరి 5లోగా చెల్లించగలరు. గ్రాట్యుటీ ఫిబ్రవరి 22లోగా అందాలి. ఏదైనా క్లియరెన్స్ ఆగి ఉంటే ఏ విభాగం దగ్గరో, అక్కడ ఎవరితో మాట్లాడాలో తెలియజేయండి. వస్తువులు అప్పగించిన రసీదు జతచేశాను."

ఇందులో బెదిరింపు లేదు, బతిమాలడమూ లేదు. "ఇంట్లో ఇబ్బందిగా ఉందండీ" లాంటి వాక్యాలు నిజమైనా రాయకండి. చదివేవాళ్లకు జాలి కలుగుతుందేమో గానీ ఫైలు కదలదు. గ్రాట్యుటీకి అప్లికేషన్ ఫారం విడిగా ఉంటుంది, అదీ నింపి దీనికే జతచేయండి. "మాకు దరఖాస్తే రాలేదు" అనే సాకు అక్కడితో పోతుంది.

ఎవరైనా ఫోన్ చేసి మాట ఇస్తే, పెట్టేసిన పది నిమిషాల్లో మెయిల్ రాయండి: "ఇప్పుడు ఫోన్‌లో చెప్పినట్టు ఐటీ క్లియరెన్స్ సోమవారానికి పూర్తవుతుందని అర్థం చేసుకున్నాను." ఫోన్ మాట కాగితం మీదికి వచ్చేది అప్పుడే.

స్టేట్‌మెంట్ వచ్చాక

మొత్తం తప్పని రాయకండి. తేడా ఉన్న లైన్లు మాత్రమే పట్టుకోండి. ఆమె రాసింది మూడే: నోటీసు రికవరీ ఫలానా క్లాజు ప్రకారం బేసిక్ మీద ఉండాలి, ఛార్జర్ ఇచ్చినట్టు రసీదు ఉంది, గ్రాట్యుటీ లైను లేదు. ఒప్పుకున్న పద్దుల డబ్బు ముందు వేసేయమని, తేడా ఉన్నవి తర్వాత తేల్చుకుందామని కూడా అడగండి. ఈ వాక్యం లేకపోతే 2,500 గొడవ తేలేదాకా లక్షకు పైగా ఆపి కూర్చుంటారు. నోటీసు తక్కువైందని గ్రాట్యుటీలో కోయడానికి కుదరదు, ఆ రికవరీ మిగతా లెక్కలోనే తేలాలి.

ఒక్కోసారి స్టేట్‌మెంట్‌తో పాటు ఒక డిక్లరేషన్ వస్తుంది: "నాకు రావాల్సిందంతా అందింది, ఇక ఏ క్లెయిమూ లేదు." డబ్బు ఖాతాలో పడకముందు దాని మీద సంతకం పెట్టొద్దు. రిలీవింగ్ లెటర్ ఇవ్వాలంటే పెట్టాల్సిందే అంటే, "గ్రాట్యుటీ, నోటీసు రికవరీ మీద నా అభ్యంతరం అలాగే ఉంది" అని చేత్తో రాసి, దాని కింద సంతకం చేసి, ఫొటో తీసుకోండి.

గడువులు దాటితే

ఫిబ్రవరి 5 దాటితే మర్నాడే రెండో మెయిల్, మొదటి మెయిల్ కిందే, నాలుగు లైన్లలో. ఈసారి హెచ్‌ఆర్ హెడ్‌ని కూడా కాపీలో పెట్టండి. గ్రాట్యుటీ గడువు కూడా అయిపోయాక, ఫిబ్రవరి 24న కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు స్పీడ్ పోస్ట్‌లో ఉత్తరం పంపాలి: అవే పద్దులు, పాత మెయిళ్ల తేదీలు, మార్చి 11 దాకా ఆఖరి గడువు, ఆ తర్వాత కార్మిక శాఖకు ఫిర్యాదు చేస్తానన్న ఒక్క వాక్యం. ట్రాకింగ్‌లో "డెలివర్డ్" అని వచ్చిన పేజీ దాచుకోండి. లాయర్ నోటీసు పంపినా మంచిదే, కానీ మీరే రాసిన ఉత్తరం కూడా ఫిర్యాదుకు పనికొస్తుంది.

మార్చి 12న చేయాల్సింది లేబర్ ఆఫీసుకు వెళ్లడం. జీతం క్లెయిమ్, గ్రాట్యుటీ క్లెయిమ్ వేరువేరు దరఖాస్తులు. మీ కంపెనీకి ఏ అధికారి దగ్గర వేయాలో జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో అడిగితే చెబుతారు. జీతం క్లెయిమ్‌కి మూడేళ్ల దాకా సమయం ఉంటుంది కాబట్టి కంగారు అక్కర్లేదు, అయితే హెచ్‌ఆర్‌లో మీ ఫైలు తెలిసిన మనిషి కూడా ఈలోగా మానేయొచ్చు. తీసుకెళ్లాల్సింది పలచని ఫైలే: అపాయింట్‌మెంట్ లెటర్, ఆఖరి పేస్లిప్, వస్తువుల రసీదు, మీ లెక్క కాగితం, తేదీల వరుసలో మూడు ఉత్తరాలు, వాటికి వచ్చిన జవాబులు.