విదేశీ బయ్యర్‌కి మొదటి మెయిల్: ఎంఓక్యూ ఎలా రాయాలి

హైదరాబాద్ నుంచి కారం పొడి ఎగుమతి చేసే మేము యూరప్ బయ్యర్లకి పంపే మొదటి మెయిల్‌లో కనీస ఆర్డర్ పరిమాణాన్ని చాలాకాలం "ఎంఓక్యూ: ఒక కంటైనర్" అని రాసేవాళ్లం. జవాబులు వచ్చేవి కావు. మన సరుకు ఎప్పుడూ చూడని మనిషి కంటైనర్ నిండా ఎందుకు కొంటాడు?

ఇప్పుడు ప్యాకింగ్ లెక్కలోనే చెబుతున్నాం: 25 కిలోల బస్తాలు 20 కలిపి ఒక ప్యాలెట్, అంటే 500 కిలోలు. అదే ఒక్కో గ్రేడ్‌కి కనీస ఆర్డర్. రెండు మూడు గ్రేడ్లు కలిపి తీసుకోవచ్చని, కంటైనర్ నిండితే రేటు తగ్గుతుందని పక్కనే రాస్తాం. సబ్జెక్ట్ లైన్ ఇలా పెడతాం:

```
Chilli powder, HS 090422, MOQ 500 kg, FOB Chennai
```

సర్టిఫికెట్ల దగ్గర లోగోల వరస పెట్టడం దండగ. స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్లు, గడువు తేదీలు ఒక్క లైన్లో చాలు. బయ్యర్ నిజంగా వెతికేది అఫ్లాటాక్సిన్ రిపోర్ట్, అంటే బూజు వల్ల సరుకులో చేరే విషపదార్థాల పరీక్ష ఫలితం. ఈయూలో ఎండుమిర్చికి వాటిలో బీ1 అనే రకం పరిమితి కిలోకి 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10. మీ లాట్‌కి వచ్చిన అంకె, పరీక్ష తేదీ, లాట్ నంబర్ మెయిల్‌లోనే రాసేయండి. నిరుటి రిపోర్ట్ పెడితే మాత్రం పట్టేస్తారు, ఎందుకంటే లాట్ నంబర్ శాంపిల్ ప్యాకెట్ మీద ఉన్నదానితో కలవదు. ఒకసారి మాకూ అలాగే అయింది. బయ్యర్ మర్యాదగానే అడిగాడు గానీ, ఆ తర్వాత మళ్లీ రాయలేదు.