పెద్దవాళ్ళ మాత్రల చీటీ: ఏది ఆపాలి, ఏది తగ్గించాలి, ఏది గమనించాలి

మన అనంతపురం వైపు ఇళ్ళలో డెబ్బై దాటిన అవ్వకో తాతకో ఎనిమిది, తొమ్మిది రకాల మాత్రలు నడవడం మామూలే. బీపీ డాక్టరు ఒకచోట, షుగర్ డాక్టరు ఇంకోచోట, మోకాళ్ళ నొప్పికి ఊళ్ళోని ఆర్‌ఎంపీ. ఎవరు రాసింది వాళ్ళకు తెలుసు, మొత్తం ఎవరికీ తెలియదు. అందుకే అన్నీ ఒక్క కాగితం మీదికి తెచ్చే చీటీ ఒకటి కావాలి. దాన్ని తయారు చేయాల్సింది మీరే, నిర్ణయం మాత్రం డాక్టరుది. చీటీ చూసి మీ అంతట మీరు మాత్రలు ఆపేయకండి. గుండెలో స్టెంట్ పడినవాళ్ళ మాత్రలు, మూర్ఛ మాత్రలు, చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్లు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

ముందు సంచి బోర్లించండి

ప్రిస్క్రిప్షన్ చూసి రాస్తే సగం తప్పిపోతాయి. వైరు బుట్టలో, దిండు కింద, ఫ్రిజ్ మీద ఉన్నవన్నీ తెచ్చి పరవండి. మెడికల్ షాపులో నాలుగు మాత్రలకు కత్తిరించి ఇచ్చిన ముక్కల మీద పేరు ఉండదు, ఎక్స్‌పైరీ ఉండదు. అలాంటివి షాపుకే తీసుకెళ్ళి ఏమిటో అడిగి రాసుకోండి. చుక్కల మందులు, ఆయుర్వేదం పొడులు, ఆర్‌ఎంపీ వేసే నొప్పి సూది కూడా లెక్కలోకే వస్తాయి.

రాసేటప్పుడు కంపెనీ పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, మిల్లీగ్రాములు రాయాలి. రెండు వేరు పేర్లతో ఒకటే మందు రోజూ వేసుకుంటున్న వాళ్ళు ఇక్కడే దొరికిపోతారు. ఒక్కో మాత్ర పట్టుకుని "అవ్వా, ఇది దేనికి వేసుకుంటావు?" అని అడగండి. "ఏమో నాయనా, రాసిచ్చినారు, వేసుకుంటాండా" అంటే అదే రాయండి, ఆ జవాబు కూడా పనికొస్తుంది.

తారీఖు వరసలో పేర్చండి

చాలామంది పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని పేరుస్తారు. అది వేసుకోవడానికి బాగుంటుంది గానీ, పరిశీలనకు ఏ మందు ఎప్పుడు మొదలైందో ఆ వరస కావాలి. పక్కన ఎందుకు మొదలైందో రాయాలి. ఉదాహరణకు తాడిపత్రి దగ్గర పల్లెలో 74 ఏళ్ళ అవ్వ ఒకామె ఉందనుకుందాం. లేస్తే కళ్ళు తిరుగుతాయి, ఒకసారి బాత్‌రూం దగ్గర పడింది, ఈమధ్య చేతులు వణుకుతున్నాయి. ఆమె చీటీ ఇలా ఉంటుంది:

1. టెల్మిసార్టన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 కలిసిన మాత్ర: బీపీకి, చాలా ఏళ్ళుగా
2. గ్లిమెపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన మాత్ర, రెండు పూటలా: షుగర్‌కి, చాలా ఏళ్ళుగా
3. ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర, రెండు పూటలా: మోకాళ్ళకు, రెండేళ్ళుగా
4. పాంటోప్రజోల్ 40: నొప్పి మాత్రతో కడుపు మంటకు
5. ఆల్ప్రజోలం 0.25: నిద్రకు, నిరుడు
6. ఆమ్లోడిపిన్ 5: బీపీ దిగలేదని, ఉగాదికి ముందు
7. ఫ్యూరోసెమైడ్ 40: కాళ్ళ వాపుకి, తర్వాతి నెల
8. సిన్నారిజిన్ 25, రెండు పూటలా: కళ్ళు తిరగడానికి, ఆ తర్వాత

ఇప్పుడు కింది మూడు వరసలు చూడండి. ఆమ్లోడిపిన్‌తో చాలామందికి కాళ్ళు వాస్తాయి. ఆ వాపుకి నీళ్ళు లాగే మాత్ర రాశారు, మొదటి మాత్రలోని థయజైడ్ కూడా నీళ్ళు లాగేదే, అది అప్పటికే ఉంది. ఎండాకాలంలో ఒంట్లో నీళ్ళు, ఉప్పు ఇంకా తగ్గి, లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్ళు తిరిగాయి. దానికి సిన్నారిజిన్. అది పెద్దవాళ్ళలో పార్కిన్సన్స్‌లాగా చేతుల వణుకు, నడకలో బిగుతు తెస్తుంది. ఈ గొలుసు పట్టుకోకపోతే తర్వాతి మాత్ర పార్కిన్సన్స్‌కి వస్తుంది, దాంతో మతిమరుపో మూత్రం బిగుసుకోవడమో వస్తే దానికి ఇంకొకటి.

ఇంకో గొలుసు కూడా ఉంది, అసలు ఆ ఎనిమిదో మాత్రకంటే పాతది. ఆ బీపీ ఎందుకు దిగలేదు? ఎసిక్లోఫెనాక్‌లాంటి నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి కాబట్టి. పైగా టెల్మిసార్టన్, నీళ్ళు లాగే మాత్ర, నొప్పి మాత్ర, ఈ మూడూ ఒకేసారి నడిస్తే కిడ్నీ మీద దెబ్బ పడుతుంది, అందులోనూ వాంతులు, విరేచనాలు అయినప్పుడు మరీను.

నాలుగు లెక్కలు జతచేయండి

ఒకటి, బీపీ రెండు తీర్లుగా. ఐదు నిమిషాలు పడుకోబెట్టి చూసి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ చూడాలి, పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే రాయండి. మన అవ్వకి పడుకుంటే 138/78, నిలబడితే 112/66 అనుకోండి, కళ్ళు ఎందుకు తిరుగుతున్నాయో తెలిసిపోయింది. రెండు, కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష క్రియాటినిన్. 1.3 అంటే కొంచెమే ఎక్కువ కదా అనుకుంటాం గానీ, 74 ఏళ్ళ ఆడమనిషికి దాన్నుంచి ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ వడపోత వేగం, లెక్క కడితే 43 దగ్గర తేలుతుంది, అంటే కిడ్నీ పని బాగా తగ్గినట్టే. మూడు, సోడియం, పొటాషియం. నాలుగు, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీతో పాటు తెల్లవారుజాము షుగర్.

ఇక గుర్తులు పెట్టండి

ఆపడం గురించి అడగాల్సినవి: ఎసిక్లోఫెనాక్ మొదటిది. దాని బదులు ఒట్టి పారాసిటమాల్, పైపూత జెల్ సరిపోతాయా అని అడగండి. రెండోది సిన్నారిజిన్. ఆపిన మర్నాడే వణుకు పోదు, వారాలు, కొందరికి నెలలు పడుతుంది. "ఆపినా తగ్గలేదే" అని మళ్ళీ మొదలెట్టేస్తారు చూడండి, అక్కడే పాడవుతుంది. ఫ్యూరోసెమైడ్ ఆపాలంటే ఆ వాపు గుండె వల్లో కిడ్నీ వల్లో కాదని డాక్టరు తేల్చాలి. నొప్పి మాత్ర పోయాక బీపీ దిగితే ఆమ్లోడిపిన్ అవసరం కూడా తగ్గవచ్చు.

తగ్గించడం: గ్లిమెపిరైడ్. అవ్వ రాత్రి ఆకలి లేదని సంగటి తినకుండా మాత్ర మాత్రం వేసుకుని పడుకుంటే తెల్లవారుజామున షుగర్ పడిపోతుంది. చెమటలు, తికమక మాటలు ఉన్నాయేమో ఇంట్లోవాళ్ళనే అడగాలి. ఈ వయసులో హెచ్‌బీఏ1సీ 6.5కి దించాలన్న పట్టుదల అక్కర్లేదు, బలహీనంగా ఉన్నవాళ్ళకి 8 వరకూ సరే అనే డాక్టర్లే ఎక్కువ. చిక్కేంటంటే కలిపిన మాత్రలో ఒక్కదాన్ని తగ్గించలేం, కాబట్టి విడివిడిగా రాయమని అడగండి. ఆల్ప్రజోలం పడిపోవడానికి పెద్ద కారణమే అయినా ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. వారాల తరబడి కొంచెం కొంచెంగా దింపాలి, అదీ మిగతావన్నీ కుదిరాక చివర్లో.

గమనించడం: మెట్‌ఫార్మిన్. ఈజీఎఫ్ఆర్ 45 లోపు ఉంది కాబట్టి రోజుకు 1000 మించకూడదు, 30 లోపుకి పోతే ఆపాలి. దీనికి పాంటోప్రజోల్ తోడై ఏళ్ళ తరబడి నడిచింది, రెండూ ఒంట్లో బీ12 విటమిన్‌ని తగ్గించవచ్చు కాబట్టి అది కూడా ఒకసారి చూపించాలి. నొప్పి మాత్ర ఆగిన తర్వాత పాంటోప్రజోల్ పని కూడా అయిపోయినట్టే, కాకపోతే ఆపిన కొత్తలో మంట కొంచెం ఎగదన్నుతుంది.

డాక్టరు దగ్గర

చీటీ మొత్తం ఒక్క డాక్టరుకే, వీలైతే జనరల్ ఫిజీషియన్‌కి చూపించండి. ప్రమాదకరమైనది ముందు ఆపుతారు, మిగతావి ఒక్కొక్కటిగా, మధ్యలో రెండు వారాలైనా ఆగి మార్చమని అడగండి, లేకపోతే దేనివల్ల ఏమైందో తెలియదు. ప్రతి మార్పు పక్కన తారీఖు, ఏం చూడాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి అన్నది రాయించుకోండి. ఇంటికొచ్చాక ఆపిన మాత్రల స్ట్రిప్పులు బుట్టలోంచి తీసేయండి, ఆర్‌ఎంపీకి కూడా ఒక కాపీ ఇచ్చి, ఇక నొప్పి సూది వేయొద్దని చెప్పండి.