సర్వీస్ సెంటర్‌కి ఫోన్ తీసుకెళ్లే ముందు

ఆన్‌లైన్‌లో కొన్న ఫోన్‌ని వారంటీలో బాగు చేయించుకోవాలా? బెజవాడ బందరు రోడ్డు మీద ట్రాఫిక్ దాటుకుని కౌంటర్ దాకా వెళ్లాక "ఈ బిల్లు చెల్లదండీ" అనిపించుకోకుండా ఇంట్లోనే ఇవి చూసుకోండి.

• ఆర్డర్ స్క్రీన్‌షాట్ బిల్లు కాదు. యాప్‌లో ఆ ఆర్డర్ తెరిచి Invoice డౌన్‌లోడ్ చేయండి. అమ్మినవారి పేరు, జీఎస్టీ నంబరు, తేదీ అందులో ఉండాలి. కొన్నాళ్లకు ఆ లింకు దొరక్కపోవచ్చు, అందుకే కొన్న రోజే దాచుకోవడం మంచిది.

• ఫోన్‌లో `*#06#` నొక్కితే ఆ ఫోన్‌ని గుర్తుపట్టే ఐఎంఈఐ నంబర్లు వస్తాయి. వాటిని బిల్లు మీద, పెట్టె మీద ఉన్నవాటితో అంకె అంకె సరిచూడండి. ఎక్కువగా చిక్కు వచ్చేది ఇక్కడే. ఉదాహరణకు, మొదట వచ్చిన ఫోన్ పాడై రీప్లేస్‌మెంట్ తీసుకున్నారనుకోండి. చేతిలో ఉన్నది కొత్త నంబరు, బిల్లులో ఉన్నది పాతది. అలాంటప్పుడు కౌంటర్‌లో వాదించి లాభం లేదు. ముందే యాప్ కస్టమర్ కేర్‌ను అడిగి, కొత్త నంబరుతో బిల్లు గానీ, రీప్లేస్‌మెంట్ జరిగినట్టు మెయిల్ గానీ తెప్పించుకోండి.

• వారంటీ కార్డు మీద షాపు ముద్ర లేదని కంగారు పడకండి. ఆన్‌లైన్‌లో కొన్నవాటికి సాధారణంగా బిల్లు తేదీనే లెక్క. కార్డులో చదవాల్సింది గడువులు: ఫోన్‌కి ఏడాది ఉన్నా ఛార్జర్‌కి ఆరు నెలలే ఉండొచ్చు. పగిలిన స్క్రీన్, నీళ్లు పోయిన ఫోన్ మామూలు వారంటీలోకి రావు.

• బిల్లు జిరాక్స్ ఇవ్వండి, అసలుది మీ దగ్గరే ఉంచుకోండి.

• ఫోన్ తీసుకున్నాక సెంటర్ వాళ్లు రాసిచ్చే జాబ్ షీట్‌లో ఐఎంఈఐ, ఫిర్యాదు, "వారంటీలో" అన్న మాట చూశాకే సంతకం పెట్టండి.

• వారంటీ ఉన్నా కాదంటే, కారణం రాసిమ్మనండి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేసేటప్పుడు ఆ కాగితం పనికొస్తుంది.