సన్మాన గ్రహీతను పరిచయం చేసే ముందు జాగ్రత్తలు

☐ అవార్డు దేనికో చూసుకుని దానికి సరిపోయే కథ ఒక్కటే తీసుకోండి. నిరుడు మా వార్షికోత్సవంలో ఒక పంపు ఆపరేటర్‌ గారిని నేను పరిచయం చేశాను. అవార్డు విధి నిర్వహణకి. బయోడేటా రెండు పేజీలుంది. అది పక్కనపెట్టి 2014 అక్టోబరు 13 ఉదయం నుంచి మొదలుపెట్టాను. అంతకుముందు రోజే హుద్‌హుద్ తుపాను విశాఖని దాటింది. కరెంటు లేదు, రోడ్డంతా చెట్లు. ఆయన డ్యూటీకి వచ్చి, జనరేటర్ మీద పంపు వేసి కాలనీకి నీళ్లు వదిలారు.

☐ కథని ఆయనకే ముందు వినిపించండి. నేను "నడిచొచ్చారు" అని రాసుకున్నాను. "నడవలేదండీ, చెట్టు అడ్డొచ్చిన చోటల్లా సైకిల్ భుజానికెత్తుకున్నా" అన్నారు. హాలంతా నిశ్శబ్దమైంది ఆ ముక్కకే. ఆయన జవాబులో అదే కథ చెప్పబోతున్నారేమో కూడా అడగండి. చెప్తానంటే మీరు ఇంకోటి వెతుక్కోవాల్సిందే.

☐ వాచీ పెట్టుకుని పైకి చదవండి, రెండు నిమిషాలు దాటకూడదు.

☐ "ఇదే ఆయన నిబద్ధతకు నిదర్శనం" లాంటి వాక్యం ఉంటే కొట్టేయండి.

☐ పేరు, ఇంటిపేరుతో సహా, చివర్లోనే. శాలువా పట్టుకున్నవాళ్లకి ఆ సంగతి ముందే చెప్పండి, లేకపోతే సగం కథలోనే కప్పేస్తారు!