వస్తువు తిరిగిచ్చేశాం, ఈఎంఐ మాత్రం ఇంకా పడుతోంది: ఎందుకు, ఏం చేయాలి?

వాయిదాల మీద కొన్న వస్తువును వాపసు ఇస్తే లోన్ కూడా దానంతటదే పోతుందని చాలామంది అనుకుంటారు. కొన్నిసార్లు పోతుంది, చాలాసార్లు పోదు. వస్తువు అమ్మింది షాపు, అప్పు ఇచ్చింది బ్యాంకు. షాపు తన పద్దు సరిచేసుకున్నంత మాత్రాన బ్యాంకు పద్దు మారదు. కింద చెప్పే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

సమస్య: క్రెడిట్ కార్డుకు రిఫండ్ వచ్చింది, అయినా ప్రతి నెలా ఈఎంఐ పడుతోంది

ఒక లెక్కతో చూద్దాం. 24,000 రూపాయల ఫోన్‌ను కార్డు మీద ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐలో కొన్నారు. నెలకు 4,000. బ్యాంకు వడ్డీ ఏడాదికి 16 శాతం. నో కాస్ట్ అంటే బ్యాంకు వడ్డీ వదులుకోవడం కాదు. ఆరు నెలల వడ్డీ 1,081 రూపాయలను ముందే ధరలో తగ్గించి, 22,919కి బిల్లు వేస్తారు. బ్యాంకు ఆ 22,919ని అప్పుగా రాసుకుని, వడ్డీతో కలిపి 24,000 వసూలు చేస్తుంది. దీని మీద ప్రాసెసింగ్ ఫీజు ఒక 199 వేసుకోండి, జీఎస్టీతో 235 అవుతుంది. ప్రతి నెలా వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ వేరే.

మొదటి స్టేట్‌మెంట్‌లో 4,290 దాకా వస్తుంది. ఇందులో అసలు 3,694, వడ్డీ 306, దాని మీద జీఎస్టీ 55, మిగతాది ఫీజు. ఆ బిల్లు కట్టాక ఫోన్‌లో లోపం కనిపించి వాపసు ఇచ్చారు. షాపు నుంచి 22,919 కార్డులో జమైంది. లోన్‌లో ఇంకా మిగిలిన అసలు 19,225.

ఇప్పుడు మీరు ఏమీ చేయకపోతే జమైన డబ్బు కార్డులో మైనస్ బ్యాలెన్స్‌గా కూర్చుంటుంది. రెండో ఈఎంఐ, మూడో ఈఎంఐ అందులోంచే తరుగుతూ పోతాయి. జేబులోంచి కట్టడం లేదు కాబట్టి అంతా సరిపోయిందనిపిస్తుంది. కానీ లోన్ బతికే ఉంది, వడ్డీ నడుస్తూనే ఉంది. ఆరు నెలలు పూర్తయ్యేసరికి మీ ఖర్చు ఫీజుతో సహా 24,430, తిరిగొచ్చింది 22,919. చేతిలో లేని ఫోన్‌కు 1,511 రూపాయలు వదిలినట్టు. టెన్షన్ పెట్టకుండా మెల్లగా కరిగిపోయే డబ్బు కాబట్టే చాలామంది గమనించరు.

*కారణం:* రిఫండ్ చేరింది కార్డు ఖాతాకు. ఈఎంఐ లోన్ వేరే పద్దు. కొన్ని బ్యాంకులు రెంటినీ వాటంతటవే కలిపి లోన్ రద్దు చేస్తాయి. చాలా బ్యాంకులు మీరు అడిగేదాకా కదలవు.

*పరిష్కారం:* రిఫండ్ జమైన రోజే యాప్‌లో ఈఎంఐల పేజీ తెరిచి చూడండి. లోన్ ఇంకా యాక్టివ్ అని ఉంటే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి. ఇక్కడ వాడే మాట ముఖ్యం. "లోన్ ముందే క్లోజ్ చేయండి" అంటే ఫోర్‌క్లోజర్ కింద రాసుకుంటారు. చాలా బ్యాంకుల్లో దానికి మిగిలిన అసలు మీద 3 శాతం దాకా చార్జీ ఉంటుంది. మన లెక్కలో 577, జీఎస్టీతో 681. అలా కాకుండా "వస్తువు వాపసు ఇచ్చాను, షాపు రిఫండ్ ఫలానా తేదీన జమైంది, ఆ కారణంగా ఈఎంఐ రద్దు చేయండి, ఫోర్‌క్లోజర్ చార్జీ వేయకండి" అని చెప్పండి. ఇదే మాటను లోన్ నంబరుతో మెయిల్ కూడా చేయండి. ఫోన్‌లో ఇచ్చిన హామీ కన్నా మెయిల్‌కే విలువ.

రద్దయ్యాక స్టేట్‌మెంట్‌లో మిగిలిన అసలు 19,225 ఒకేసారి ఖర్చుగా పడుతుంది. అది చూసి కంగారు పడొద్దు. 22,919 రిఫండ్ దాన్ని మింగేసి, 3,694 మీ పేర మిగులుతుంది. అంటే మొదటి నెల కట్టిన అసలు వెనక్కి వచ్చేసినట్టే. ఈ రెండు అంకెలు కలిస్తే పని సరిగా జరిగిందని అర్థం. మిగిలిన మొత్తం కార్డులో వద్దనుకుంటే బ్యాంకు ఖాతాకు పంపమని అడగొచ్చు.

సమస్య: కట్టినదానికన్నా రిఫండ్ తక్కువ వచ్చింది

పై లెక్కలో రద్దు సజావుగా జరిగినా 596 రూపాయలు పోతాయి: నడిచిన నెల వడ్డీ 306, జీఎస్టీ 55, ఫీజు 235. రద్దయిన తేదీని బట్టి ఇంకొన్ని రోజుల వడ్డీ పడొచ్చు. షాపు తన చేతికొచ్చిన 22,919 మాత్రమే తిరిగి ఇవ్వగలదు. వడ్డీ, ఫీజు బ్యాంకు తీసుకున్నవి. కాబట్టి 24,000 రావాలని షాపుతో గొడవ పడి లాభం లేదు. వస్తువు లోపంతో వచ్చి ఉంటే మాత్రం ఆ 596 కూడా షాపే భరించాలని రాతపూర్వకంగా అడగడం న్యాయమే. కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

నష్టం తగ్గించుకునే దారి తొందరపడటమే. మొదటి స్టేట్‌మెంట్ రాకముందే రద్దు చేయించగలిగితే వడ్డీ చాలావరకు తప్పుతుంది. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం సాధారణంగా తిరిగి రాదు.

సమస్య: షోరూంలో ఫైనాన్స్‌లో తీసుకున్నాం, వస్తువు వెనక్కిచ్చినా ఖాతాలోంచి కట్ అవుతోంది

ఇక్కడ కార్డు లేదు. ఫైనాన్స్ కంపెనీ షోరూంకు నేరుగా డబ్బు కట్టింది, నెలనెలా మీ ఖాతాలోంచి వాయిదా తీసుకోవడానికి మీ అనుమతిగా నాచ్ మాండేట్ రాయించుకుంది. వాపసు ఇచ్చాక డబ్బు షోరూం నుంచి ఫైనాన్స్ కంపెనీకి వెళ్లాలి. అది అందాకే లోన్ మూస్తారు. షోరూం ఆలస్యం చేస్తే ఈఎంఐ తేదీకి మీ ఖాతాకే కత్తెర.

మీకు రావాల్సింది డౌన్‌పేమెంటు, కట్టిన వాయిదాలు. డౌన్‌పేమెంటు షోరూం ఇస్తుంది, వాయిదాల సంగతి ఫైనాన్స్ కంపెనీతో తేల్చుకోవాలి. "లోన్ మేం చూసుకుంటాం, వెళ్లండి సార్" అన్న మాట నమ్మి వచ్చేయకండి. ఇన్‌వాయిస్ రద్దు చేసిన కాగితం గానీ క్రెడిట్ నోట్ గానీ తీసుకోండి. లోన్ మంజూరైంది, వస్తువు ఇచ్చేయండి అని ఫైనాన్స్ కంపెనీ షోరూంకు పంపేదే డెలివరీ ఆర్డర్; దాన్ని రద్దు చేయమని షోరూం ఆ కంపెనీకి పంపిన మెయిల్ కాపీ అడగండి. ఆ రెండూ జతచేసి మీరూ ఫైనాన్స్ కంపెనీకి రాయండి.

కోపంతో మాండేట్ ఆపేయడం, ఖాతా ఖాళీ చేయడం చేయొద్దు. బౌన్స్ చార్జీ పడుతుంది, సిబిల్ రిపోర్టులో ఆలస్యం నమోదవుతుంది. ఈఎంఐ తేదీ దగ్గర పడితే ఆ ఒక్కటీ కట్టేసి తర్వాత వెనక్కి అడగడం మేలు. కట్టిన డబ్బు రాబట్టుకోవచ్చు, రిపోర్టులో పడిన మచ్చను తుడిపించడం ఎక్కువ తలనొప్పి.

సమస్య: లోన్ మూసేశామన్నారు, క్రెడిట్ రిపోర్టులో ఇంకా కనిపిస్తోంది

నెల రోజుల దాకా ఆగి చూడండి. అప్పటికీ మారకపోతే లోన్ ముగిసినట్టు ఇచ్చే నో డ్యూస్ పత్రంతో క్రెడిట్ బ్యూరో సైట్‌లో తప్పు సరిదిద్దమని ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్నది ఆర్బీఐ నియమం.

బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. ఆ ఫిర్యాదుకు బ్యాంకుకో ఫైనాన్స్ కంపెనీకో మీరు రాసిన మొదటి మెయిల్, దాని తేదీ కావాలి.