గానుగ నూనె చీటీపై మాట సరిదిద్దిన తీరు

మా వేరుశనగ గానుగ నూనె సీసాలపై మొదట ‘కల్తీ లేని అసలైన కదిరి నూనె’ అని అచ్చు వేయించాను. పక్క వీధిలో గానుగ నడిపే పెద్దాయన అది చదివి, “అయితే మాది కల్తీదా బాబూ?” అని అడిగినప్పుడు, ఏది లేదో చెప్పే మాట ఇతరుల సరుకు వైపు వేలు చూపుతుందని అర్థమైంది. పైగా చీటీపై ‘కదిరి’ అని రాసింది మేం వాడే కదిరి-6 అనే విత్తన రకాన్ని బట్టే, కానీ చదివేవారికి అది కదిరి ఊరి నూనె అనిపిస్తుంది. మా కాయలు పండింది పత్తికొండ వైపు కనుక, ఊరి విషయంలోనూ ఆ చీటీ తప్పుదోవ పట్టిస్తోంది.

ఇప్పుడు ఇలా ఉంది: ‘వేరుశనగ నూనె మాత్రమే. పత్తికొండ ప్రాంతంలో పండిన కదిరి-6 రకం పప్పును చెక్క గానుగలో ఆడించి, మూడు రోజులు తేర్చి, గుడ్డతో వడకట్టినది.’ రిఫైన్డ్ నూనె వేరే పద్ధతిలో తయారైనదే తప్ప కల్తీది కాదు కనుక ‘కల్తీ లేని’ అన్న మాట కూడా తీసేశాను. ప్రతి విడతకూ పప్పు కొన్న రసీదు దాచుతున్నాను. ఊరు మారితే చీటీ మారుస్తాను.