నిలువు రాడ్డు, కదలని నీళ్లు: పలక సూత్రం వాడేముందు చూసుకోవాల్సినవి

ఏప్రిల్‌లో విశాఖలో ల్యాబ్ ట్యాంకు నింపితే కుళాయి నీళ్లే 30 డిగ్రీల దగ్గర ఉంటాయి. పైన ఫ్యాన్, కిటికీలోంచి సముద్రపు గాలి. సహజ సంవహనం ప్రయోగానికి ఇంతకంటే ఇబ్బందైన కాలం లేదు. అయినా ప్రాక్టికల్స్ షెడ్యూలు మన మాట వినదు కదా. అందుకే నీళ్లలో నిలువుగా వేలాడే హీటర్ రాడ్డు ప్రయోగం మొదలుపెట్టేముందు ఏం చూసుకోవాలో రాస్తున్నాను.

ముందు లెక్క. రాడ్డు స్థూపాకారం. మన చేతిలో బాగా కుదిరిన సూత్రం నిలువు పలకది. రాడ్డు చుట్టూ పైకి లేచే వేడి నీటి పొర రాడ్డు వ్యాసంతో పోలిస్తే చాలా పలచన అయితే, ఆ పొరకు రాడ్డు వంపు తెలియదు, పలక సూత్రం సరిపోతుంది. ఎంత పలచన అయితే చాలు అన్నదానికి చాలా పుస్తకాలు ఒకే హద్దు చెబుతాయి:

```
D/L >= 35 / Gr^(1/4)
```

ఇక్కడ D వ్యాసం, L నిలువు పొడవు, Gr ఆ పొడవు మీద లెక్కించిన గ్రాషాఫ్ సంఖ్య. స్పారో, గ్రెగ్ 1956లో చేసిన పని నుంచి వచ్చిన హద్దు ఇది. విద్యార్థులు మరిచిపోయేది ఒకటుంది. వాళ్లు లెక్క కట్టింది ప్రాంటిల్ సంఖ్య 0.72, 1 ఉన్న ప్రవాహి పదార్థాలకు, అంటే గాలికీ దాని చుట్టుపక్కల వాటికీ. గాలికి 35 దగ్గర పలక సూత్రానికీ రాడ్డు అసలు విలువకూ తేడా సుమారు 5 శాతం. నీళ్ల ప్రాంటిల్ సంఖ్య 4 నుంచి 6. నీళ్లలో వేడి పొర ఇంకా పలచన కాబట్టి అదే 35 దగ్గర తేడా 3 శాతమే.

ఒక కేసు తీసుకుందాం. రాడ్డు వ్యాసం 12 మిల్లీమీటర్లు, వేడెక్కే పొడవు 100 మిల్లీమీటర్లు. నీళ్లు 30 డిగ్రీలు, రాడ్డు ఉపరితలం 50. నీటి గుణాలు సగటు ఉష్ణోగ్రత 40 దగ్గర తీసుకోవాలి: β = 0.000377, ν = 0.658×10⁻⁶, k = 0.631, Pr = 4.32. గ్రాషాఫ్ సంఖ్య 1.71×10⁸ వస్తుంది, దాని నాలుగో మూలం 114. హద్దు ప్రకారం వ్యాసం కనీసం 31 మిల్లీమీటర్లు ఉండాలి. మన రాడ్డు 12 మాత్రమే. ఇక్కడే చాలామంది "పలక సూత్రం పనికిరాదు" అని రికార్డులో రాసేసి చేతులు దులుపుకుంటారు.

తొందర వద్దు. హద్దు దాటిందంటే తేడా ఎంతో అది చెప్పదు, లెక్క కట్టుకోవాలి. సెబెసి 1974లో ఇచ్చిన సంఖ్యలకు పోపియెల్ ఒక తేలిక సూత్రం అమర్చాడు:

```
Nu_cyl/Nu_plate = 1 + B*(5.66*L/(D*Gr^0.25))^C
B = 0.0571 + 0.203*Pr^(-0.43)
```

ఈ కేసుకు B = 0.165, C సుమారు 0.93. తేడా 7 శాతం. పలక సూత్రం (చర్చిల్-చూ వారి లామినార్ రూపం) నస్సెల్ట్ సంఖ్య 99 ఇస్తుంది, అంటే ఉష్ణ బదిలీ గుణకం h సుమారు 625 W/m²K. వంపు కలిపితే 670. ఇదే రాడ్డును ఇదే 20 డిగ్రీల తేడాతో గాలిలో వేలాడదీస్తే అసలు h పలక సూత్రం చెప్పినదానికంటే దాదాపు 35 శాతం ఎక్కువ ఉండేది. గాలి కోసం పుట్టిన జాగ్రత్తను నీళ్లకు యథాతథంగా తెచ్చుకుంటే అనవసరంగా భయపడతాం. నీళ్లలో 5 శాతం చాలనుకునేవాళ్లు ఆ 35 స్థానంలో 20 పెట్టుకోవచ్చని నా అభిప్రాయం. అప్పుడు ఈ కేసుకు 18 మిల్లీమీటర్ల వ్యాసం చాలు.

7 శాతం ఎక్కువా తక్కువా అన్నది మీరు దేనికి వాడతారో దాన్నిబట్టి ఉంటుంది. పవర్ స్థిరంగా ఇచ్చి ఉపరితల ఉష్ణోగ్రత అంచనా కడుతున్నారనుకోండి, h లో 7 శాతం తేడా 20 డిగ్రీల్లో ఒక్క డిగ్రీ పైచిలుకు అవుతుంది. మామూలు థర్మోకపుల్ పొరపాటే అంత ఉంటుంది. పైగా పలక సూత్రం రాడ్డు నిజంకంటే వేడిగా ఉందని చెబుతుంది, హీటర్ కాలిపోతుందేమో చూసుకునేవారికి అది క్షేమమైన వైపే. అదే నీళ్లకు ఎంత వేడి చేరుతుందో కచ్చితంగా కావాలంటే దిద్దుబాటు వేయాల్సిందే: 47 వాట్లు అనుకున్నది నిజానికి 50 దాటుతుంది.

అసలు జాగ్రత్త చిన్న ఉష్ణోగ్రత తేడాల దగ్గర కావాలి. ఇదే రాడ్డు నీటికంటే 2 డిగ్రీలే ఎక్కువ వేడిగా ఉంటే పొర మందమవుతుంది, తేడా 13 శాతానికి చేరుతుంది. నీటి β కూడా ఉష్ణోగ్రతతో బాగా మారుతుంది: 20 డిగ్రీల దగ్గర 0.000195, 40 దగ్గర దాదాపు రెట్టింపు. చలికాలం రికార్డులోంచి β కాపీ కొడితే వంపు తేడాకంటే ఆ తప్పే పెద్దది.

పొడవు మాటకొస్తే, చాలామంది L/D చూసే బెదిరిపోతారు. పొర మందం పొడవు నాలుగో మూలంతోనే పెరుగుతుంది కాబట్టి పొడవు రెట్టింపైనా కావాల్సిన వ్యాసం 19 శాతమే పెరుగుతుంది. కానీ పొడవు 200 చేస్తే రేలీ సంఖ్య 5.9×10⁹ అవుతుంది. 10⁹ దగ్గర ప్రవాహం అల్లకల్లోలం వైపు మళ్లుతుంది, అక్కడ ఈ లామినార్ లెక్క ఏదీ నడవదు.

ఇక "కదలని నీళ్లు". రాడ్డు పక్కన వేడి పొర రెండు మూడు మిల్లీమీటర్లే, అందులో వేగాలు చాలా తక్కువ. ఫ్యాన్ గాలికి నీటి పైన చిన్న అల లేచినా అది చెడిపోతుంది. ఫ్యాన్ ఆపండి, కిటికీ మూయండి, ట్యాంకు నింపాక కనీసం అరగంట వదిలేయండి. చెమట పడుతుంది, తప్పదు. కదలిక ఉంటే h పెరుగుతుంది, వంపు ఉన్నా పెరుగుతుంది, రెండూ చిన్న తేడాల దగ్గరే ఎక్కువ కనిపిస్తాయి. విడదీయాలంటే అదే పవర్ దగ్గర మళ్లీ కొలవండి: వంపు తేడా మారదు, కదలిక వల్ల వచ్చేది ప్రతిసారీ మారుతుంది. రాడ్డు పక్కన ఒక చుక్క పొటాషియం పర్మాంగనేట్ వేసినా తెలుస్తుంది. గీత నిటారుగా పైకి పోవాలి, పక్కకు వంగకూడదు.

50 వాట్లతో 20 లీటర్ల నీళ్లు ఒక డిగ్రీ పెరగడానికి దాదాపు అరగంట పడుతుంది. అయితే ఆ వేడి సమానంగా పరుచుకోదు, పైనే పేరుకుంటుంది. నీటి ఉష్ణోగ్రతను రాడ్డుకు దూరంగా, మూడు ఎత్తుల్లో కొలవండి. పైకీ కిందికీ తేడా ΔT లో పదో వంతు దాటితే ఆ రీడింగు వదిలేయండి. నీళ్లలో కరిగిన గాలి బుడగలై రాడ్డుకు అంటుకుంటే కూడా అంతే. ముందురోజు నీళ్లు మరిగించి చల్లార్చుకుంటే ఈ బాధ తగ్గుతుంది.

కరెంటు గురించి ఒక్క మాట. వేరియాక్ వోల్టేజీ తగ్గిస్తుందే గానీ మెయిన్స్ నుంచి విడదీయదు. ఎర్త్, ఆర్‌సీసీబీ లేకుండా ట్యాంకులో చెయ్యి పెట్టొద్దు. రాడ్డు వేడి భాగం పూర్తిగా మునిగాకే స్విచ్ వేయండి, స్విచ్ ఆపి చల్లారాకే బయటికి తీయండి. నీళ్లలో 600 పైన ఉన్న h గాలిలోకి రాగానే పది చుట్టుపక్కలకు పడిపోతుంది, అదే 50 వాట్లకు రాడ్డు నిమిషాల్లో కాలిపోతుంది.